ఖాళీ అడిగితే రాదు, గోడ అడగాలి

ఊళ్లో ఏ ఫ్లెక్సీ షాపుకు వెళ్లినా ఈమధ్య ఒక కొత్త రకం పని వస్తోంది. వచ్చినవాళ్లు ఫోన్ తీసి, ఏఐ చేత గీయించుకున్న బొమ్మ చూపిస్తారు. బొమ్మ కళ్లు చెదిరేలా ఉంటుంది. "దీనిమీద మన మ్యాటర్ వేసివ్వండి" అంటారు. డిజైనర్ దాన్ని తెరమీదికి తెచ్చుకుని చోటు కోసం వెతుకుతాడు. పైన మబ్బులు, కింద పూలు, ఒక పక్క గోపురం, ఇంకో పక్క జనం, నట్టనడుమ పెద్ద మొహం. అక్షరం ఆనడానికి జానెడు జాగా ఉండదు. ఇక చేసేదేముంది? హెడ్డింగ్‌ను మబ్బుల మీదే పరిచి, కనబడటం కోసం తెల్ల అంచు వేసి, ఆ అంచు చుట్టూ నల్ల నీడ వేస్తాడు. అటు బొమ్మా చెడుతుంది, ఇటు అక్షరమూ చెడుతుంది.

బొమ్మలో మాటల కోసం ముందే వదిలే చోటును ప్రకటనల రంగంలో కాపీ స్పేస్ అంటారు. దీన్ని ఎంత ధైర్యంగా వాడవచ్చో చూపించిన ప్రకటన 1959లో అమెరికాలో వచ్చింది. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు కోసం డాయల్ డేన్ బెర్న్‌బాక్ ఏజెన్సీ చేసిన ఆ పేజీలో కారు ఎడమ పై మూలన చిన్నగా ఉంటుంది, మిగతా బొమ్మంతా ఖాళీ. కింద చిన్న హెడ్డింగ్, దాని కింద మ్యాటర్. ఆర్ట్ డైరెక్టర్ హెల్మట్ క్రోన్ ఆ ఖాళీని ముందే లెక్క కట్టి పెట్టాడు. మన దగ్గర బాపు ముఖచిత్రాలు చూసినవాళ్లకు ఇది కొత్త సంగతేం కాదు. బొమ్మ ఆయనదే, పేరు రాసిన చేతిరాతా ఆయనదే. రెండూ ఒకే చేతి నుంచి వచ్చాయి కాబట్టి ఒకదానికొకటి చోటిచ్చుకున్నాయి. ఏఐ బొమ్మతో వచ్చిన చిక్కు సరిగ్గా ఇక్కడే ఉంది. బొమ్మ గీసే యంత్రానికి దానిమీద రాబోయే మాటల సంగతి తెలియదు.

అలాంటప్పుడు ఆ మాటలు కూడా యంత్రం చేతే రాయిస్తే పోదా అని చాలామంది ప్రయత్నిస్తారు. ఇంగ్లిష్ అక్షరాలను కొత్త మోడళ్లు బాగానే రాస్తున్నాయి. తెలుగు దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలా మోడళ్లలో గుణింతం ఒకచోట, వత్తు మరోచోట పడి, దూరం నుంచి తెలుగులా, దగ్గరికెళితే ఏ భాషా కానట్టు తయారవుతుంది. ఒకవేళ అదృష్టం బాగుండి సరిగానే వచ్చినా ఆ అక్షరాలు పిక్సెళ్లుగా బొమ్మలో కలిసిపోయి ఉంటాయి. తేదీ మారితే ఒక్క అంకె మార్చలేం. బొమ్మను 12 అడుగులకు పెంచితే దానితోపాటు అక్షరమూ మసకబారుతుంది. విడిగా టైప్ చేసిన అక్షరం వెక్టర్ రూపంలో ఉంటుంది కనుక ఎంత పెంచినా అంచు పదునుగానే ఉంటుంది. అందుకే బొమ్మ యంత్రానిది, అక్షరం మనది అన్న విభజన ఇంకా చాలాకాలం ఉండేదే.

మరి చోటు వదలమని యంత్రానికి చెబితే సరిపోదా? "ఎడమ పక్క ఖాళీగా ఉంచు, ఏమీ గీయకు" అని రాసి చూసినవాళ్లకు అక్కడ ఒక కిటికీయో, చెట్టుకొమ్మో, అర్థంలేని అక్షరాలో వచ్చి ఉంటాయి. దీనికి కారణం యంత్రం నేర్చుకున్న తీరులో ఉంది.

ఈ మోడళ్లు కోట్ల కొద్దీ ఫొటోలనూ, వాటి పక్కన ఉన్న వివరణలనూ చూసి నేర్చుకున్నాయి. ఫొటో కింద రాసేవాళ్లు అందులో ఉన్నదాన్ని రాస్తారు. 'చెరువు గట్టున ఆవు' అని రాస్తారు కానీ 'గేదె లేని చెరువు గట్టు' అని ఎవరూ రాయరు. కాబట్టి ఒక మాటకు ఒక వస్తువును జతచేయడం యంత్రానికి బాగా తెలుసు. లేకపోవడాన్ని గీయడం తెలియదు. 'అక్షరాలు వద్దు' అంటే చాలా మోడళ్లకు అందులో 'అక్షరాలు' అన్నదే గట్టిగా వినిపిస్తుంది. ఖాళీ అనేది దాని లెక్కలో ఒక వస్తువు కాదు. గోడ వస్తువు. ఆకాశం వస్తువు. ఇసుక, పొగమంచు, పరిచిన బట్ట, నిశ్చలంగా ఉన్న నీళ్లు ఇవన్నీ వస్తువులే. చోటు కావాలంటే చోటును అడగకుండా, తన స్వభావం చేతనే నున్నగా ఉండే ఒక వస్తువును అడగాలి. ఈ పనిలో తెలుసుకోవలసిన కీలకం ఇదే.

'వద్దు' అని చెప్పడానికి కొన్ని మోడళ్లలో వేరే దారి ఉంది. స్టేబుల్ డిఫ్యూజన్‌లో దాన్ని నెగటివ్ ప్రాంప్ట్ అంటారు. మిడ్‌జర్నీలో వాక్యం చివర `--no` అని పెట్టి, వద్దనుకున్నవాటి పేర్లు రాస్తారు. ఈ యంత్రాలు సిగ్నల్ లేని పాత టీవీ తెరలాంటి చుక్కల గందరగోళంతో మొదలుపెట్టి, మెట్టు మెట్టుగా ఆ చుక్కలను శుభ్రం చేస్తూ బొమ్మను బయటికి తీస్తాయి. స్టేబుల్ డిఫ్యూజన్‌లో ప్రతి మెట్టు దగ్గరా రెండు అంచనాలు వేస్తుంది. మనం రాసిన మాటలతో ఒకటి, ఏ మాటలూ లేకుండా ఒకటి. రెండోదాని నుంచి దూరంగా, మొదటిదాని వైపు జరుగుతుంది. నెగటివ్ ప్రాంప్ట్ రాసినప్పుడు ఆ రెండో అంచనా స్థానంలో మనం వద్దన్న మాటలు చేరతాయి. అంటే యంత్రం వాటి నుంచే దూరంగా జరుగుతుంది. అందువల్ల 'వద్దు' అన్న మాటను అసలు ప్రాంప్ట్‌లో కలపకూడదు, ఈ ప్రత్యేకమైన చోటే రాయాలి.

ఇంకో అలవాటు కూడా అడ్డొస్తుంది. జనం ఫొటో తీసేటప్పుడు మనిషిని మధ్యలో పెడతారు. నేర్పించేటప్పుడు ఫొటోలను చదరంగా కత్తిరించడం మామూలు కాబట్టి మధ్యలో ఉన్నదే మిగిలింది. అందుకే యంత్రం తీసుకెళ్లి అసలు వస్తువును నట్టనడుమ కూర్చోబెడుతుంది. బ్యానర్‌లా పొడవాటి బొమ్మ అడిగితే పాత మోడళ్లలో మరో వింత జరిగేది. స్టేబుల్ డిఫ్యూజన్ తొలి రకాలు 512 పిక్సెళ్ల చదరపు బొమ్మల మీద నేర్చుకున్నవి. దానికి మూడింతల వెడల్పు అడిగితే ఒక్కో భాగాన్నీ ఒక్కో పూర్తి బొమ్మగా భావించి, ఒకే మనిషిని ఇద్దరుగానో ముగ్గురుగానో గీసేవి.

వెలుగు విషయంలోనూ ఒక ఇబ్బంది బయటపడింది. పూర్తిగా నల్లని రాత్రి, పూర్తిగా తెల్లని కాగితం లాంటివి ఆ తొలి మోడళ్ల చేత గీయించడం దాదాపు అసాధ్యం. చిమ్మచీకటి అడిగితే ఎక్కడో ఒక వీధిదీపం పెట్టి, మొత్తం వెలుగును నడిమధ్యకు తెచ్చేవి. నేర్పించేటప్పుడు బొమ్మకు చుక్కలు కలిపే పద్ధతిలో బొమ్మ సగటు వెలుగు ఎప్పుడూ పూర్తిగా చెరిగిపోకపోవడమే దీనికి కారణమని 2023 జనవరిలో నికొలస్ గుటెన్‌బర్గ్ అనే పరిశోధకుడు వివరించి, దానికి విరుగుడు కూడా చూపించాడు. తర్వాతి మోడళ్లలో ఇది చాలావరకు తగ్గింది. అయినా పాత మోడల్ వాడుతున్నవాళ్లు అచ్చ తెలుపు అడిగే బదులు సున్నం వేసిన గోడ అడిగితే మేలు. దానికి కొంచెం పసుపు, కొంచెం నీడ ఉంటాయి కనుక యంత్రానికి అది సుఖంగా వస్తుంది.

ఇప్పుడు ఒక పని మొదటి నుంచి చివరిదాకా చేసి చూద్దాం. ఒక చేనేత సంఘం చీరల ప్రదర్శన పెడుతోందనుకుందాం. రోడ్డు పక్కన కట్టడానికి 12 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు ఉన్న ఫ్లెక్సీ కావాలి. హెడ్డింగ్ 'మంగళగిరి చేనేత చీరల ప్రదర్శన'. కింద తేదీ ఒక వరుస, స్థలం ఒక వరుస.

అందరూ ముందు బొమ్మ గీయిస్తారు. నిజానికి ముందు మాటల కొలత తీయాలి. ఆరుబయట బోర్డులు రాసేవాళ్లకు ఒక మోటు లెక్క ఉంది. హాయిగా చదవాలంటే ప్రతి 10 అడుగుల దూరానికి అక్షరం ఒక అంగుళం ఎత్తుండాలి. రోడ్డుకు అవతలి నుంచి, సుమారు 60 అడుగుల నుంచి చదవాలంటే 6 అంగుళాలు. కానీ ఆ లెక్క ఇంగ్లిష్ పెద్ద అక్షరాల కోసం పుట్టింది. తెలుగు అక్షరానికి నెత్తిమీద గుడి, ఏత్వం, కింద వత్తులు వస్తాయి. అందువల్ల 6 అంగుళాల అక్షరానికి వరుస ఎత్తు 12 అంగుళాలని వేసుకోవడం క్షేమం. హెడ్డింగ్‌ను రెండు వరుసలుగా విరిస్తే 2 అడుగులు. తేదీకీ స్థలానికీ అందులో సగం సైజు చొప్పున మరో అడుగు. మొత్తం 3 అడుగుల ఎత్తు. పైనా కిందా అరడుగు చొప్పున మిగులుతుంది, ఫ్లెక్సీ అంచు మడతకూ రింగులకూ ఆ మాత్రం ఉండాల్సిందే. వెడల్పు చూస్తే 'మంగళగిరి చేనేత' అన్న వరుసకు రమారమి 6 అడుగులు పడుతుంది. రెండు పక్కలా ఒక్కో అడుగు వదిలితే 8 అడుగులు.

విరిచే చోటు కూడా ఆలోచించి ఎంచుకోవాలి. 'మంగళగిరి చేనేత' అన్న పై వరుసలో ఒక్క వత్తు కూడా లేదు. 'చీరల ప్రదర్శన'లో వత్తులు రెండున్నాయి కానీ అవి కింది వైపుకు దిగుతాయి. కాబట్టి ఈ రెండు వరుసలనూ కాస్త దగ్గరికి జరిపినా ఒకదానికొకటి తగలవు. తేదీ వరుసను మాత్రం వత్తుల కింద నుంచి కొలిచి దించాలి.

ఇంకో మాట ముందే అడగాలి. చివరి నిమిషంలో ముఖ్య అతిథి ఫొటోనో, దాతల పేర్లో వచ్చి చేరతాయా? మన ఫ్లెక్సీల్లో ఇవి తరచుగా వచ్చేవే. వస్తాయంటే వాటి చోటు కూడా ఇప్పుడే గీసుకోవాలి. లేదని సంఘంవాళ్లు చెప్పారనుకుని ముందుకు వెళదాం.

12 అడుగుల్లో 8 అడుగులు మాటలకు పోతే బొమ్మకు మిగిలేది కుడి పక్క 4 అడుగులు, అంటే 4 బై 4 చదరం. ఇది మంచి వార్త. చదరపు బొమ్మను చాలా మోడళ్లు బాగా గీస్తాయి. కాబట్టి పొడవాటి బ్యానర్‌ను ఒకేసారి అడగకుండా, 1024 బై 1024 పిక్సెళ్ల చదరపు బొమ్మను ముందు గీయించి, దాని గోడను ఎడమకు సాగదీయడం నమ్మకమైన దారి. ప్రాంప్ట్‌ను ఇంగ్లిష్‌లో రాస్తే చాలా మోడళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది.

```
woman weaving at a pit loom, placed on the right,
facing slightly left, smooth lime-washed wall
behind her and to the left, soft even daylight
```

గుంట మగ్గం మీద నేస్తున్న స్త్రీ, కుడి పక్కన, మొహం కాస్త ఎడమకు తిరిగి. వెనకా ఎడమ పక్కా నున్నని సున్నం గోడ. మెత్తని పగటి వెలుగు. ఇందులో ఖాళీ అన్న మాటే లేదు. నెగటివ్ ప్రాంప్ట్‌లో `text, window, calendar, picture frame` అని రాస్తే మంచిది. మన ఇళ్ల గోడ అనగానే యంత్రం క్యాలెండరో పటమో తగిలించే వీలుంది.

మొహం ఎడమకు తిరిగి ఉండాలనడానికి కారణం మాటలు అటు పక్క ఉండటం. బొమ్మలోని మనిషి ఎటు చూస్తే చూసేవాడి కన్నూ అటు పోతుందని డిజైనర్లు నమ్మి పనిచేస్తారు. ఆమె ఫ్లెక్సీ బయటికి చూస్తూ, వెనక వీపువైపు హెడ్డింగ్ ఉంటే రెండూ విడిపోయినట్టుంటాయి. పూర్తిగా పక్కకు తిరిగితే ఇంకో ఇబ్బంది. మగ్గం మీది పడుగు ఆమె ముందు నుంచి ఎడమకు పొడవుగా సాగి, తేదీ, స్థలం రాయాల్సిన చోటులోకి వస్తుంది. అందుకే కొద్దిగా మాత్రమే తిరగాలి. అప్పుడు పడుగు చూసేవాడి వైపు వచ్చి చదరంలోనే ముగుస్తుంది.

బొమ్మ బాగుండి మొహం కుడికి తిరిగి వస్తే అద్దంలోలా తిప్పేద్దామని చెయ్యి లాగుతుంది. మనుషులున్న బొమ్మతో ఆ పని చేయకూడదు. ఎడమ భుజం మీద ఉన్న పైట కుడి భుజం మీదికి పోతుంది. ఫ్లెక్సీ చూసిన ఏ తెలుగు ఆడమనిషైనా చప్పున పట్టేస్తుంది. మళ్లీ గీయించుకోవడమే మేలు.

చదరం వచ్చాక దాన్ని సాగదీయాలి. ఫొటోషాప్‌లో ఈ పనిచేసే జనరేటివ్ ఎక్స్‌పాండ్ 2023లో వచ్చింది. ఇదే పనిని అవుట్‌పెయింటింగ్ అని కూడా అంటారు. ఇక్కడ మళ్లీ పాత గుణమే ఎదురవుతుంది. ఒక్క ఊపున 2048 పిక్సెళ్లు సాగదీస్తే అంత పెద్ద జాగాలో ఏదో ఒకటి ఉండాలనుకుని యంత్రం ఇంకో మగ్గాన్నో గుమ్మాన్నో తెచ్చిపెట్టవచ్చు. అందుకే కొంచెం కొంచెంగా జరుపుతూ, ప్రతిసారీ పాత గోడ భాగాన్ని కొంత కలుపుకుంటూ, ప్రాంప్ట్‌లో గోడ పేరు ఒక్కటే రాయాలి. మగ్గం ఊసు ఎత్తకూడదు.

గోడ నిజంగా నున్ననిదైతే యంత్రం అవసరం కూడా లేదు. అంచు దగ్గరి రంగును తీసుకుని, బొమ్మలో వెలుగు ఏ దిక్కు నుంచి వస్తోందో చూసి, ఆ దిక్కుకు తగ్గట్టు ఒక గ్రేడియెంట్ వేస్తే చాలు. పైన కొంచెం నాయిస్ కలపాలి. కలపకపోతే ప్రింట్‌లో రంగు మెట్లు మెట్లుగా పట్టీలు కనిపిస్తాయి. పైగా గీసిన గోడకు ఉన్న గరుకు, వేసిన గోడకు లేకపోతే అతుకు తెలిసిపోతుంది.

ఇప్పుడు చేతిలో 3072 బై 1024 పిక్సెళ్ల బొమ్మ ఉంది. 12 అడుగులంటే 144 అంగుళాలు. అంగుళానికి 21 పిక్సెళ్లే వస్తాయి. అప్‌స్కేల్ చేసే సాఫ్ట్‌వేర్‌తో నాలుగింతలు పెంచితే అంగుళానికి 85 అవుతాయి. దూరం నుంచి చూసే ఫ్లెక్సీకి అది ధారాళంగా సరిపోతుంది. పెంచిన తర్వాత నేతగత్తె వేళ్లనూ, మగ్గం దారాలనూ దగ్గరగా చూడాలి. దారాలు ఒకదానిలో ఒకటి కరిగిపోయి ఉంటే నేతపని తెలిసినవాళ్ల ఎదుట సంఘం పరువు పోతుంది.

వదిలిన చోటు నిజంగా మాటలకు పనికొస్తుందో లేదో కంటితో తేల్చడం కష్టం, ఎందుకంటే కన్ను బొమ్మ అందాన్ని చూస్తుంది. ఫైల్‌ను నలుపు తెలుపుల్లోకి మార్చి, బొటనవేలంత సైజుకు తగ్గించి చూస్తే నిజం బయటపడుతుంది. ఆ సైజులో గోడ ఒకే బూడిద రంగు ముద్దలా కనిపిస్తే మంచిది. మచ్చలు మచ్చలుగా కనిపిస్తే అక్షరాల గీతలు ఆ మచ్చల్లో కలిసిపోతాయి.

రంగుల తేడాను అంకెల్లో కొలిచే పద్ధతి కూడా ఉంది. వెబ్‌సైట్లు అందరూ చదవగలిగేలా ఉండాలని రూపొందించిన డబ్ల్యూసీఏజీ ప్రమాణాలు మామూలు అక్షరాలకు 4.5, పెద్ద అక్షరాలకు 3 కనీస నిష్పత్తిగా పెట్టాయి. ఫ్లెక్సీకి ఆ నియమం వర్తించకపోయినా కొలబద్దగా పనికొస్తుంది. లెక్క కట్టే ఉచిత పేజీలు ఇంటర్నెట్‌లో చాలా ఉన్నాయి. మన సున్నం గోడ రంగు `#E8DCC0`, హెడ్డింగ్ మెరూన్ `#7A1020` అనుకుంటే నిష్పత్తి సుమారు 8 వస్తుంది. అదే గోడ మీద తెల్ల అక్షరం పెడితే 1.4 కూడా రాదు. గోడ మూలన నీడ పడిన చోట రంగు `#9C8C6E` ఉందనుకుంటే మెరూన్ అక్షరానికి అక్కడ 3.3 మాత్రమే. హెడ్డింగ్ మొదలు స్పష్టంగా ఉండి, చివరి రెండు అక్షరాలు నీడలో మసకగా కనిపించేది ఇందువల్లే. గోడ సగటును కొలిచి ఊరుకోకూడదు. అక్షరాలు కూర్చునే జాగాలో అన్నిటికన్నా ముదురుగా ఉన్న చోటును కొలవాలి.

తక్కువ వచ్చినచోట అక్షరానికి అంచు వేయడం తెలుగులో చెడ్డ వైద్యం. మన అక్షరాల్లో కడుపుల్లాంటి సందులు ఎక్కువ, వత్తుకూ అక్షరానికీ మధ్య ఎడం తక్కువ. మందపాటి అంచు ఆ సందులన్నిటినీ పూడ్చేస్తుంది. అక్షరాన్ని వదిలేసి గోడను సరిచేయాలి. ఆ నీడ భాగం మీద గోడ రంగులోనే పలుచని పొర ఒకటి వేసి, అంచులు క్రమంగా కరిగేలా చేస్తే సరి.

ఇక అక్షరాలు వేయడం. కొన్ని ఫొటోషాప్ వెర్షన్లలో యూనికోడ్ తెలుగు పేస్ట్ చేస్తే వత్తులు విడిపోయి పొల్లు గుర్తుతో పక్కన పడితే, ప్రిఫరెన్సెస్‌లో టైప్ అన్నచోట `World-Ready Layout` ఎంచుకుని, కొత్త ఫైల్ తెరిచి మళ్లీ వేయాలి. అను ఫాంట్లు వాడే షాపుల్లో యూనికోడ్ మ్యాటర్‌ను కన్వర్టర్‌తో మార్చుకుంటారు. మార్చాక ఒక్కో అక్షరం చదివి చూసుకోవాల్సిందే. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన రామభద్ర లాంటి లావుపాటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి, హెడ్డింగ్‌కు అవి బాగా పనికొస్తాయి. అక్షరాలను బొమ్మలో కలిపేయకుండా లేయర్లుగానే ఫైల్ దాచుకుంటే, వచ్చే నెల మరో ఊళ్లో ప్రదర్శనకు ఊరి పేరూ తేదీ మారిస్తే చాలు.

అదే సంఘానికి గుమ్మం దగ్గర నిలబెట్టడానికి 3 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తున్న స్టాండీ కూడా కావాలంటే లెక్క తిరగబడుతుంది. ఇప్పుడు చోటు పైన కావాలి. మంగళగిరి చీర ఇక్కడ తనకు తానే సాయపడుతుంది. బుటాలు లేని సాదా ఒళ్లు, అంచున జరీ ఆ చీర సహజ లక్షణం. నిలువుగా వేలాడదీసిన చీరలో ఒళ్లు మాటలకు చోటవుతుంది, జరీ అంచు పక్కన చట్రంలా నిలుస్తుంది. మడతలు మాత్రం లేకుండా పరచాలి. ప్రతి మడతా ఒక నీడ, ప్రతి నీడా పైన చెప్పిన నిష్పత్తిని తగ్గించేదే.

కానీ ఈ చీరను యంత్రం చేత గీయించడం సరికాదు. గోడ గీయిస్తే ఎవరికీ నష్టం లేదు. అమ్మే చీరనే గీయిస్తే, కొనడానికి వచ్చినవాళ్లు లేని అంచు కోసం, లేని నేత కోసం వెతుకుతారు. సంఘంలో నేసిన ఒక చీరను కిటికీ వెలుగులో పరిచి, ఫోన్‌తోనే నిటారుగా ఫొటో తీయాలి. అంచూ చెంగూ ఆ ఫొటోలో ఉన్నవి ఉన్నట్టు ఉండాలి. హెడ్డింగ్‌కు పైన ఇంకో అడుగున్నర కావలసి వస్తే సాగదీయాల్సింది చీర వెనక కనిపిస్తున్న గోడను మాత్రమే.